పిల్లల్ని కనాలా, వద్దా: టారోలో ఎంప్రెస్, ఎంపరర్ కార్డులు చెప్పేదేమిటి

టారో కార్డుల దగ్గర సంతానం మాట వస్తే అందరి చూపూ ముందుగా పడేది రెండు కార్డుల మీద. ఒకటి మూడో నంబరు కార్డు ఎంప్రెస్, అంటే సామ్రాజ్ఞి. రెండోది నాలుగో నంబరు కార్డు ఎంపరర్, అంటే చక్రవర్తి. టారో పేకలో మొత్తం 78 కార్డులుంటాయి. అందులో 22 మేజర్ ఆర్కానా, 56 మైనర్ ఆర్కానా. ఈ జంట మేజర్ ఆర్కానాలో పక్కపక్కనే ఉంటుంది. ఎంప్రెస్‌ను తల్లిగానూ ఎంపరర్‌ను తండ్రిగానూ చెప్పుకోవడం రీడర్లలో వాడుక. అందుకే పిల్లల్ని కనాలా వద్దా అని తేల్చుకోలేక వచ్చిన దంపతుల ముందు ఈ రెండూ పడగానే, సంతానయోగం ఖాయమన్న మాట చాలా తొందరగా వచ్చేస్తుంది.

ఆ తొందరలోనే పొరపాటు జరుగుతుంది. ఎంప్రెస్ అంటే భార్య, ఎంపరర్ అంటే భర్త, రెండూ కలిస్తే బిడ్డ అని చదివితే, కార్డు ఏ స్థానంలో పడిందన్న విషయం పక్కకు పోతుంది. జాగ్రత్తగా చదివేవారు ఈ రెంటినీ ఇద్దరు మనుషులుగా కాక రెండు పనులుగా చూస్తారు. పోషించడం, దగ్గరకు తీసుకోవడం, పెరగనివ్వడం ఎంప్రెస్ పని. హద్దులు గీయడం, ఖర్చు లెక్కవేయడం, కాపు కాయడం, మాట మీద నిలబడడం ఎంపరర్ పని. బిడ్డను పెంచే ఇంటికి రెండూ కావాలి. ఆ ఇంట్లో ఏ పని ఎవరు తలకెత్తుకోవాలనుకుంటున్నారు, దేనికి ఎవరు భయపడుతున్నారు అన్నది కార్డు పడిన చోటును బట్టి చెబుతారు.

బొమ్మల్లో ఉన్నది

ఈనాడు ఎక్కువమంది వాడే పేక 1909 డిసెంబరులో లండన్‌లోని విలియం రైడర్ అండ్ సన్ సంస్థ అచ్చువేసింది. దాని రూపకల్పన ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్‌ది, బొమ్మలు గీసింది పమేలా కోల్మన్ స్మిత్. అందుకే దాన్ని రైడర్-వెయిట్-స్మిత్ పేక అంటారు. తర్వాత వచ్చిన పేకల్లో చాలావాటికి ఇదే మాతృక.

ఈ పేకలో ఎంప్రెస్ ఆరుబయట, మెత్తని దిండ్ల మీద ఆనుకుని కూర్చుని ఉంటుంది. ఆమె ముందు పండిన గోధుమ చేను, వెనుక చెట్లు, పక్కన జాలువారే నీరు. కిరీటం మీద పన్నెండు నక్షత్రాలు, మెడలో ముత్యాలు, వదులైన గౌను మీద దానిమ్మ పళ్ల అచ్చులు. పక్కన హృదయాకారపు డాలు, దాని మీద శుక్రగ్రహం గుర్తు. గౌను వదులుగా ఉండడం వల్ల ఆమె గర్భిణి అని చాలామంది చెబుతారు, కానీ బొమ్మను చూసి అలా తేల్చలేం. కచ్చితంగా కనిపించేది ఒక్కటే: ఆమె చుట్టూ ఉన్నదంతా ఎదుగుతోంది. దాన్ని ఎదగమని ఆమె గద్దించడం లేదు.

ఎంపరర్ కూర్చున్నది రాతి సింహాసనం. దాని మీద నాలుగు పొట్టేలు తలలు చెక్కి ఉంటాయి. అవి మేషరాశికి గుర్తు. ఎర్రని వస్త్రం కింద కాళ్లకు లోహ కవచం కనిపిస్తుంది. అంటే సింహాసనం మీద కూర్చుని కూడా అతను యుద్ధవేషం విప్పలేదు. ఒక చేతిలో రాజదండం, మరో చేతిలో గోళం. తెల్లని పొడవాటి గడ్డం. వెనుక పచ్చని మొక్క ఒక్కటీ లేని కొండలు, వాటి కింద సన్నని నీటిపాయ. ఎంప్రెస్ పక్కన ధారగా దూకిన నీరు ఇక్కడ గీతలా మిగిలింది.

ఈ రెండు బొమ్మలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకదానిలో లేనిది మరొకదానిలో ఉన్నట్టు తెలుస్తుంది. ఎంప్రెస్ చేనుకు కంచె లేదు. ఎంపరర్ కోటకు పంట లేదు. పిల్లల ప్రశ్నలో ఈ జంటను చదవడం ఇక్కడి నుంచే మొదలవుతుంది. ప్రేమ పుష్కలంగా ఉండి ఏర్పాటు లేని ఇల్లు ఒకటి, ఏర్పాట్లన్నీ ఉండి తడి ఆరిపోయిన ఇల్లు మరొకటి. అడగవచ్చిన దంపతులు ఈ రెండు కొసల మధ్య ఎక్కడున్నారో చూడడమే రీడర్ మొదటి పని.

తల్లి, తండ్రి అనే అర్థాలు ఎలా వచ్చాయి

టారో మొదట జోస్యం కోసం పుట్టలేదు. 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో ధనిక కుటుంబాలు ఆడుకున్న పేకాట అది. ఆ శతాబ్దం నడుమ మిలాన్ పాలకుల కోసం చేతితో గీసిన విస్కాంటి-స్ఫోర్జా పేకలో ఎంప్రెస్ చేతిలో ఉన్నది నల్ల గద్ద గుర్తున్న డాలు. ఆ గద్ద పవిత్ర రోమన్ సామ్రాజ్యపు రాజచిహ్నం. అంటే అప్పటి ఎంప్రెస్, ఎంపరర్‌లు రాజ్యాధికారానికి బొమ్మలు. ఆటలో ఏ కార్డు ఏ కార్డును కొడుతుందో చెప్పే వరుసలో వాళ్లకు ఒక మెట్టు ఉండేది, అంతే.

1781లో ఆంట్వాన్ కూర్ ద జెబ్లాన్ అనే ఫ్రెంచి పండితుడు టారోలో ప్రాచీన ఈజిప్టు జ్ఞానం దాగి ఉందని రాశాడు. దానికి ఆధారాలేమీ లేవు. అయినా కార్డులకు గూఢార్థాలు వెతికే ధోరణి ఆ రచనతో ఊపందుకుంది. 19వ శతాబ్దపు ఫ్రాన్సు, ఇంగ్లండు గూఢవిద్యా బృందాలు ఒక్కో కార్డుకు ఒక గ్రహాన్నో రాశినో జతచేశాయి. లండన్‌లోని గోల్డెన్ డాన్ బృందం లెక్కలో ఎంప్రెస్‌కు శుక్రుడు, ఎంపరర్‌కు మేషం దక్కాయి. వెయిట్, స్మిత్ ఇద్దరూ ఆ బృందంలో ఉన్నవాళ్లే. గద్ద డాలు పోయి శుక్రుడి డాలు వచ్చింది. గోధుమ చేను, దానిమ్మ పళ్లు ఆమె చుట్టూ చేరాయి. ఎంప్రెస్ ఇలా సంతానలక్ష్మి వేషం కట్టి నేటికి నూరేళ్లు దాటింది, అంతకుమించి పాతది కాదు.

తెలుగు పాఠకులు ఇక్కడ ఒక తేడా గమనించాలి. మన జ్యోతిషంలో పుత్రకారకుడు గురువు, సంతానానికి చూసేది పంచమ స్థానం. టారోలో ఎంప్రెస్‌కు జతచేసింది శుక్రుణ్ని. రెండు పద్ధతులూ వేర్వేరు చోట్ల, వేర్వేరు లెక్కలతో ఎదిగాయి. జాతకంలో శుక్రుడి స్థితిని తెచ్చి ఎంప్రెస్ కార్డుకు ముడిపెట్టి చెప్పేవారు ఆ రెంటిలో దేనికీ కట్టుబడడం లేదు.

ప్రశ్నను సరిచేయడం

దంపతులు సాధారణంగా తెచ్చే ప్రశ్న, మేం పిల్లల్ని కనాలా అన్నది. ఇది అవునో కాదో అన్న జవాబు కోరే ప్రశ్న. ఆ జవాబు కార్డుల నుంచి తీస్తే నిర్ణయం దంపతుల చేతుల్లోంచి జారి పేక చేతిలోకి పోతుంది. అనుభవం ఉన్న రీడర్లు కార్డులు కలపకముందే ప్రశ్న రూపం మారుస్తారు. బిడ్డ కావాలా వద్దా అన్న విషయంలో మా ఇద్దరి మధ్య ఇంకా మాట్లాడుకోనిది ఏమిటి అన్నది అలా మార్చిన ప్రశ్న. దీనికి బొమ్మలు పనికొస్తాయి, ఎందుకంటే బొమ్మ మాటను పైకి లాగుతుంది.

రెండో నియమం, ఇద్దరూ ఎదుట ఉండాలి. ఒక్కరే వచ్చి, మా ఆయనకు పిల్లలంటే ఇష్టమేనా అనో, మా ఆవిడ మనసులో ఏముందనో అడిగితే, లేని మనిషి మనసును కార్డుల పేరుతో ఊహించవలసి వస్తుంది. ఆ ఊహ ఇంటికి వెళ్లి తీర్పుగా మారుతుంది. అప్పుడు వచ్చిన మనిషి తన సంగతి మాత్రమే అడిగేలా ప్రశ్నను కుదించడం మంచి పద్ధతి.

ఇక కార్డులు పరిచే తీరు. దాన్ని స్ప్రెడ్ అంటారు. ఈ ప్రశ్నకు పది కార్డుల పెద్ద స్ప్రెడ్ అక్కర్లేదు, ఆరు చాలు. మొదటి స్థానం భార్య మనసులో ఉన్నదానికి, రెండోది భర్త మనసులో ఉన్నదానికి. మూడోది ఇద్దరి బంధం ఇప్పుడున్న తీరుకు. నాలుగోది బిడ్డ వస్తే ఆ ఇంటి నుంచి ఏం కోరుతుందన్నదానికి. అయిదోది అడ్డుగా నిలిచినదానికి. ఆరోది తర్వాత వేయవలసిన అడుగుకు. స్థానాల అర్థం కార్డులు తిప్పకముందే పైకి చెప్పి, వీలైతే కాగితం మీద రాసి పెట్టాలి. కార్డు కనిపించాక స్థానానికి అర్థం చెబితే, నచ్చిన కార్డుకు నచ్చిన అర్థం అంటించడం సులువైపోతుంది.

ఒక స్ప్రెడ్, మొదటి నుంచి చివరి దాకా

ఉదాహరణకు ఇద్దరూ ఉద్యోగాలు చేస్తున్న దంపతులను ఊహించుకోవచ్చు. పెళ్లయి ఆరేళ్లు. భార్యకు 32, భర్తకు 35. ఇంటి మీద అప్పు నడుస్తోంది. ఇద్దరివైపు పెద్దలూ ఫోన్ చేసినప్పుడల్లా విశేషం ఏమైనా ఉందా అని అడుగుతున్నారు. దంపతుల్లో ఎవరూ వద్దనడం లేదు, అయితే మాట మొదలైన ప్రతిసారీ సగంలో ఆగిపోతోంది. వారి ముందు పడిన కార్డులు వరుసగా ఇవి: భార్య స్థానంలో ఎంపరర్, భర్త స్థానంలో ఎంప్రెస్, బంధం స్థానంలో టూ ఆఫ్ కప్స్, బిడ్డ కోరేదాని స్థానంలో టెన్ ఆఫ్ వాండ్స్, అడ్డు స్థానంలో ఫోర్ ఆఫ్ పెంటకిల్స్, అడుగు స్థానంలో త్రీ ఆఫ్ పెంటకిల్స్. అన్నీ నిటారుగానే ఉన్నాయి.

తొందరపాటు రీడర్ ఇక్కడే తడబడతారు. ఎంప్రెస్ భర్త చోట పడింది కదా, దాన్ని భార్య కార్డుగానే చెప్పేద్దాం అని మనసులోనే రెంటినీ తారుమారు చేస్తారు. అలా చేస్తే ఈ స్ప్రెడ్ చెప్పదలచిన ముఖ్య విషయమే పోతుంది. కార్డు పడిన చోటే చదవాలి. ఈ ఇంట్లో బిడ్డ కోసం మనసు పరిచి కూర్చున్నది భర్త. ఎత్తుకోవాలి, ఆడించాలి, ఇల్లు సందడిగా ఉండాలి అన్న ఊహ అతనిది. కంచె లేని గోధుమ చేను అతని ముందుంది. ఖర్చెంత, సెలవెంత, ఎవరు చూసుకుంటారు అన్న ప్రశ్నలు ఆ బొమ్మలో లేవు.

ఆ ప్రశ్నలన్నీ భార్య దగ్గరున్నాయి. ఆమె స్థానంలో పడిన చక్రవర్తి కవచం విప్పకుండా కూర్చున్నాడు. ఆమెకు బిడ్డ అక్కర్లేదని దీని అర్థం కాదు. రాతి ఆసనంలాంటి ఏర్పాటు కనబడితే తప్ప అడుగు వేయనని అర్థం. ఇక్కడ రీడర్ చెప్పడం ఆపి అడగాలి. ఈ బొమ్మలో మీకు మీరు ఎక్కడ కనిపిస్తున్నారు అని ఆమెను అడిగితే, ఒకరు కవచం చూపిస్తారు, మరొకరు ఎండిన కొండలు చూపిస్తారు. కవచం చూపిస్తే మాట రక్షణ గురించి, అంటే ఉద్యోగం, డబ్బు, ఆరోగ్యం గురించి నడుస్తుంది. కొండలు చూపిస్తే అలసట గురించి నడుస్తుంది. రెండు మాటలూ వేర్వేరు దారులు. ఏ దారి పట్టాలో నిర్ణయించేది ఆమె జవాబు.

మూడో స్థానంలోని టూ ఆఫ్ కప్స్‌లో స్త్రీ పురుషులిద్దరు ఎదురెదురుగా నిలబడి పాత్రలు చాచి ఉంటారు. పై రెండు కార్డులూ కొట్లాటకు గుర్తులన్న అనుమానాన్ని ఇది తగ్గిస్తుంది. బంధంలో లోటు లేదు, లోటు ప్రణాళికలో ఉంది. అదే చోట ఫైవ్ ఆఫ్ స్వోర్డ్స్ పడి ఉంటే కథ వేరు. ఆ బొమ్మలో ఒకడు గెలిచిన కత్తులు ఏరుకుంటుంటే మరో ఇద్దరు తలవంచి వెళ్లిపోతుంటారు. అప్పుడు మొదట మాట్లాడవలసింది ఇద్దరి మధ్య ఉన్న గెలుపోటముల గురించి అవుతుంది, పిల్లల మాట ఆ తర్వాతే.

నాలుగోది టెన్ ఆఫ్ వాండ్స్. ఒకే మనిషి పది కర్రలు గుత్తంగా మోస్తూ, ముందు దారి కనబడకుండా వంగి నడుస్తుంటాడు. బిడ్డ కోరేది బరువు అని చెప్పి ఊరుకుంటే సగమే చదివినట్టు. బొమ్మలో అసలు విషయం మోస్తున్నది ఒక్కరు కావడం. ఎంపరర్ ఎవరి చోట ఉన్నదో గుర్తు చేసుకుంటే ఈ కార్డు ఎవరి భయమో తెలుస్తుంది. పది కర్రలూ చివరికి తన భుజం మీదకే వస్తాయని భార్య లెక్క వేసుకుంటోంది. ఆ లెక్క తప్పో ఒప్పో కార్డు చెప్పదు. భర్త వైపు తిరిగి, ఈ పదింటిలో మీవి ఎన్ని అని అడిగే అవకాశం మాత్రం ఇస్తుంది.

అయిదోది ఫోర్ ఆఫ్ పెంటకిల్స్. కిరీటం మీద ఒక నాణెం, గుండెకు హత్తుకుని ఒకటి, పాదాల కింద రెండు. కదిలితే ఏదో ఒకటి జారుతుందని ఆ మనిషి బిగుసుకుని కూర్చుంటాడు. వెనుక ఊరుంది, అతను దాని వైపు చూడడు. ఈ ఇంట్లో అడ్డు డబ్బు లేకపోవడం కాదు, ఉన్నది చేజారుతుందన్న భయం. ఇంటి అప్పు కావచ్చు, ఉద్యోగంలో స్థాయి కావచ్చు. ఈ భయం ఎవరిదని ఇద్దరినీ అడగాలి, ఎందుకంటే అడ్డు స్థానం ఏ ఒక్కరిదీ కాదు. భర్త ఎంప్రెస్ స్థానంలో ఉన్నంత మాత్రాన అతనికి ఈ బిగుసుకుపోవడం ఉండదనుకోకూడదు.

ఆరోది త్రీ ఆఫ్ పెంటకిల్స్. ఆరాధనామందిరంలో శిల్పి పని చేస్తుంటే పక్కన ఇద్దరు నిలబడి ఉంటారు, ఒకరి చేతిలో నమూనా కాగితం. ముగ్గురూ ఒకే పనిని చూస్తున్నారు. తర్వాతి అడుగు కాగితం మీద పెట్టే పథకమని దీన్నుంచి చెప్పవచ్చు. ఎవరికి ఎన్నాళ్లు సెలవు దొరుకుతుంది, మొదటి ఏడాది ఎవరు ఇంట్లో ఉంటారు, ఏ పెద్దల సాయం అడుగుతారు, నెలకు ఎంత పక్కన పెట్టగలరు, ఎప్పటికి మళ్లీ కూర్చుని మాట్లాడతారు అన్నవి ఆ కాగితంలో రాయవలసినవి. బొమ్మలో మూడో మనిషి ఉన్నాడు కాబట్టి బయటివారి సలహా కూడా అడగమనవచ్చు. ఆ సలహాదారు డాక్టరు కావచ్చు, కుటుంబ కౌన్సెలర్ కావచ్చు.

మొత్తం మీద ఈ స్ప్రెడ్ కనమనీ చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. కోరిక భర్త దగ్గర, లెక్క భార్య దగ్గర ఉన్నాయని, లెక్క తెగకపోవడానికి కారణం బరువు పంపకం మీద మాట జరగకపోవడమని చూపింది. ఈ విషయం ఆ దంపతులకు నిజమనిపిస్తేనే దానికి విలువ. లేదని వాళ్లు తల అడ్డంగా ఊపితే రీడర్ వాదించకూడదు.

కొందరు రీడర్లు ఈ జంట మీద ఇంకో మెట్టు ఎక్కుతారు. మూడు, నాలుగు కలిపితే ఏడు. ఏడో కార్డు ఛారియట్, అంటే రథం. ఆ రథానికి ముందు నల్లది ఒకటి, తెల్లది ఒకటి రెండు స్ఫింక్స్‌లు ఉంటాయి, సారథి చేతిలో పగ్గాలు కనిపించవు. భిన్నమైన రెండు బలాలను ఒకే దిక్కుకు నడిపించడం అన్న అర్థం దీన్నుంచి తీస్తారు. ఇది అదనపు సూచన మాత్రమే. పేకలోంచి రాని కార్డు మీద మొత్తం చదువును నిలబెట్టడం సరికాదు.

చోటు మారితే, తలకిందులైతే

ఇవే రెండు కార్డులు వేరే స్థానాల్లో పడితే మాట మారుతుంది. అడ్డు స్థానంలో ఎంపరర్ పడితే ముందుగా అడగవలసింది, ఈ నిర్ణయంలో ఇంకెవరి అధికారం ఉందని. అత్తగారో, మామగారో, ఉద్యోగంలో పై అధికారో, ఒక్కోసారి దంపతుల్లో ఒకరే కావచ్చు. అన్నీ సర్దుకున్నాకే బిడ్డ అన్న పట్టుదల కూడా ఇదే కార్డులో కనిపిస్తుంది. ఆ సర్దుకోవడానికి గడువు లేకపోతే అది వాయిదాకు మరో పేరవుతుంది. అడ్డు స్థానంలో ఎంప్రెస్ పడితే చిత్రంగా అనిపిస్తుంది గానీ, దానికీ అర్థముంది. మంచి తల్లి ఇలాగే ఉండాలన్న ఊహ అందుకోలేనంత ఎత్తున ఉన్నప్పుడు, దాన్ని చూసి వెనక్కి తగ్గేవారున్నారు. అప్పటికే తల్లిదండ్రుల్ని, తోబుట్టువుల్ని చూసుకుంటూ పోషణ పనిలో మునిగి ఉన్నవారికీ ఈ కార్డు ఇక్కడ వర్తిస్తుంది.

కార్డు తలకిందులుగా పడడాన్ని రివర్స్ అంటారు. ఎంప్రెస్ రివర్స్ అయితే సంతానలేమి, గర్భస్రావం అని చెప్పేసేవారు కనిపిస్తారు. వెయిట్ తన పుస్తకంలో ఇచ్చిన అర్థాల్లో అవి లేవు. నిటారు ఎంప్రెస్‌కు ఆయన ఫలవంతం కావడంతో పాటు సందేహాన్నీ, కష్టాన్నీ చేర్చాడు. తలకిందులైతే వెలుగు, సత్యం, చిక్కుముడి విడిపోవడం అన్నాడు, మరో పాఠం ప్రకారం ఊగిసలాట అని కూడా రాశాడు. ఎంపరర్ నిటారుగా ఉంటే స్థిరత్వం, రక్షణ, సంకల్పం. తలకిందులైతే ఆయన లెక్కలో దయ, కరుణ ఒకవైపు, ఆటంకం, పరిణతి లేకపోవడం మరోవైపు.

ఇలా ఒకే కార్డుకు రెండు వైపులూ ఉన్నప్పుడు ఏది తీసుకోవాలో పక్క కార్డులు చూసి తేల్చాలి. రివర్స్ ఎంప్రెస్ పక్కన టెన్ ఆఫ్ వాండ్స్ ఉంటే ఇచ్చి ఇచ్చి అలసిపోవడం అన్న అర్థం నిలబడుతుంది. పక్కన టూ ఆఫ్ స్వోర్డ్స్ ఉంటే, అంటే కళ్లకు గంతలు కట్టుకుని రెండు కత్తులు ఎదకు అడ్డంగా పట్టుకున్న స్త్రీ ఉంటే, ఊగిసలాట అన్న అర్థం సరిపోతుంది. రివర్స్ ఎంపరర్ పక్కన ఫోర్ ఆఫ్ పెంటకిల్స్ ఉంటే పట్టు మరీ బిగిసిందని, ఫూల్ ఉంటే ఏర్పాటే లేదని చదువుతారు. ఏ అర్థం చెప్పినా, అది ఏ కార్డు వల్ల, ఏ స్థానం వల్ల వచ్చిందో రీడర్ వేలు పెట్టి చూపించగలగాలి. చూపించలేకపోతే ఆ మాట కార్డులది కాదు, రీడర్ సొంత అభిప్రాయం.

కార్డులు చెప్పలేనివి

గర్భం నిలుస్తుందా, ఎప్పుడు వస్తుంది, లోపం ఎవరిలో ఉంది అన్నవి వైద్యానికి చెందిన ప్రశ్నలు. ఏ గర్భనిరోధకమూ లేకుండా ఏడాది పాటు ప్రయత్నించినా గర్భం రాకపోతే వైద్యులు పరీక్షలు చేస్తారు. స్త్రీ వయసు 35 దాటితే ఆరు నెలలకే చూపించుకోమంటారు. పరీక్షలు ఇద్దరికీ అవసరం, ఎందుకంటే కారణం పురుషుడిలో ఉండడం అరుదేమీ కాదు. భార్య చోట ఎంప్రెస్ తలకిందులైందని లోపం ఆమెకు అంటగడితే, భర్త చేయించుకోవలసిన పరీక్ష వెనక్కి పోతుంది, విలువైన నెలలు గడిచిపోతాయి.

ఎంప్రెస్ వస్తే ఆడపిల్ల, ఎంపరర్ వస్తే మగపిల్లాడు అని చెప్పడం మరో దురలవాటు. భారతదేశంలో 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం పుట్టబోయే బిడ్డ ఆడో మగో చెబుతామన్న ప్రకటనలను, అది శాస్త్రీయ పద్ధతి అయినా కాకపోయినా నిషేధించింది. కార్డులతో చెబుతామని ప్రచారం చేసుకునేవారికీ ఇది వర్తిస్తుంది.

ఇక ఈ రెండు కార్డులూ కలిసి పడడం ఎంత అరుదన్న ప్రశ్న. 78 కార్డుల్లోంచి ఆరు తీస్తే, రెంటిలో కనీసం ఒకటి రావడానికి నూటికి సుమారు 15 వంతుల అవకాశం ఉంది. రెండూ కలిసి రావడానికి సుమారు 200కు ఒక్క వంతు. అంత అరుదైనది ఎదుట పడితే విధి పలికినట్టే అనిపిస్తుంది. కానీ ఆరు కార్డుల్లో 15 జంటలుంటాయి, వాటిలో ఏ జంటకైనా ముందుగా లెక్క వేస్తే అవకాశం అదే 200కు ఒకటి. మిగతా 14 జంటలూ అంతే అరుదు, మనకు వాటి పేర్లు తెలియవు కాబట్టి ఆశ్చర్యపోం. కలిపిన పేకలోంచి కార్డులు యాదృచ్ఛికంగా వస్తాయి. అవి జరగబోయేది చెబుతాయనడానికి ఆధారం లేదు.

మరి చెప్పింది తమ గురించేనని దంపతులకు ఎందుకు అనిపిస్తుంది? దీనికి ఒక కారణాన్ని 1948లో అమెరికా మనస్తత్వవేత్త బెర్ట్రమ్ ఫోరర్ చూపించాడు. విద్యార్థులకు పరీక్ష పెట్టి, అందరికీ ఒకే వ్యక్తిత్వ వర్ణనను ఎవరికి వారిదే అన్నట్టుగా ఇచ్చి, ఎంత సరిపోయిందో 5కు మార్కులు వేయమన్నాడు. సగటున 4.26 వచ్చింది. ఒకరికి ప్రేమ ఎక్కువ, ఒకరికి జాగ్రత్త ఎక్కువ అన్న మాట దాదాపు ఏ జంటకైనా అతుకుతుంది. అందుకే ఎంప్రెస్, ఎంపరర్‌లను చదివేటప్పుడు అలాంటి మాట దగ్గర ఆగకుండా, సెలవు ఎన్ని నెలలు, రాత్రి ఎవరు లేస్తారు అన్న వివరాల దాకా వెళ్లాలి. వివరం తప్పయితే వెంటనే తప్పని తెలుస్తుంది, పొడి మాట ఎప్పటికీ తప్పు కాదు.

రీడింగ్ చెడుతోందనడానికి గుర్తులు

మొదటి గుర్తు, నచ్చిన కార్డు పడేదాకా మళ్లీ మళ్లీ పేక కలపడం. ఆరు కార్డుల స్ప్రెడ్‌ను అయిదుసార్లు పరిస్తే ఎంప్రెస్ ఒక్కసారైనా కనిపించడానికి మూడింట ఒక వంతు అవకాశం దొరుకుతుంది. పట్టు వదలకుండా పరుస్తూ పోతే ఎప్పటికైనా కనిపిస్తుంది, అందులో సందేశమేమీ లేదు. రెండో గుర్తు, దంపతుల్లో ఒకరు కార్డును రెండోవారి మీద ఆయుధంగా తిప్పడం. చూశావా, కార్డే చెప్పింది అన్న మాట వినబడగానే కార్డులు మూసి, మాట్లాడని మనిషికి మాట ఇవ్వాలి. మూడోది, వారు అడగకుండానే రీడర్ తన పిల్లల కథో పిల్లలు లేని తన ప్రశాంతతో చెప్పడం మొదలుపెట్టడం. నాలుగోది, దోషం ఉంది, పరిహారానికి ఇంత అవుతుంది అనడం. టారోలో దోషమూ పరిహారమూ అన్న పద్ధతి లేదు.

రీడింగ్ పూర్తయ్యాక తేదీ, అడిగిన ప్రశ్న, ఆరు స్థానాలు, పడిన కార్డులు, ప్రతి స్థానం దగ్గర భార్య ఏమంది, భర్త ఏమన్నాడు అన్నవి ఒక పేజీలో రాసి దంపతులకే ఇవ్వడం మంచి రీడర్ల అలవాటు. రీడర్ చెప్పిన అర్థాలకంటే వాళ్లు స్వయంగా పలికిన మాటలే ఆ పేజీలో ఎక్కువ ఉండాలి. ఇదే ప్రశ్నతో మళ్లీ పేక కలపడానికి రోజులు గడవడం చాలదు, పరిస్థితిలో ఏదో ఒకటి మారాలి. పైన చూసిన ఉదాహరణలో ఆ మార్పు డాక్టరు రిపోర్టు కావచ్చు, సెలవు విషయంలో కంపెనీ ఇచ్చిన జవాబు కావచ్చు, ఇంటి అప్పు తీరే తేదీ కావచ్చు. పథకం రాయడం మొదలుపెట్టాక ఆ దంపతులకు రెండో రీడింగ్ అవసరం రాకపోతే, మొదటిది చేయవలసిన పని చేసినట్టే.